బ్లాగ్‌కి జనం వస్తున్నారు, మెయిల్ లిస్టులోకి మాత్రం రావట్లేదు. కంటెంట్ అప్‌గ్రేడ్ ఎలా పెట్టాలి?

నీలిపెన్ను
ఎక్సెల్ మీద బ్లాగ్. దాదాపు అన్ని పోస్టులకీ సెర్చ్ నుంచే వస్తారు. ఎక్కువ మంది చదివేది "VLOOKUP లో #N/A ఎందుకు వస్తుంది" అన్న పోస్టు. పోయిన నెల దానికి 6,200 మంది వచ్చారు, లిస్టులో చేరినవాళ్లు 9 మంది. సైడ్‌బార్‌లో "60 పేజీల ఎక్సెల్ గైడ్ ఉచితం" అని ఫారం ఉంది, పోస్టు చివర కూడా అదే. పోస్టుకో కంటెంట్ అప్‌గ్రేడ్ పెట్టమని అందరూ అంటున్నారు. ఆ పోస్టునే పీడీఎఫ్ చేసి ఇస్తే సరిపోతుందా?

సగంకాఫీ
సరిపోతుంది. పీడీఎఫ్ చెయ్యడానికి పది నిమిషాలు పడుతుంది. చాలామంది చేసేది అదే.

తెరచాప
పాత పోస్టుల్ని అప్‌గ్రేడ్ చెయ్యడం మంచి పనే. ముందు తేదీలు మార్చండి, స్క్రీన్‌షాట్లు కొత్తవి పెట్టండి, XLOOKUP గురించి ఒక భాగం కలపండి.

గోడమీదపిల్లి
తెరచాప గారూ, మీరు చెప్పేది పోస్టుకి సున్నం కొట్టడం. ఆయన అడిగేది వేరు. ఆ పోస్టు చదివేవాళ్లకి మాత్రమే పనికొచ్చే ఒక వస్తువు తయారు చేసి, మెయిల్ ఇస్తేనే ఇవ్వడం.

తెరచాప
ఓహో. పేరే అలా ఉంది మరి.

పట్టికలపంతులు
సగంకాఫీ చెప్పింది కొన్ని పోస్టులకి నిజమే. వంద షార్ట్‌కట్‌ల జాబితా లాంటిది అయితే ప్రింట్ తీసి పక్కన పెట్టుకుంటారు, పీడీఎఫ్ అడుగుతారు. ఈ పోస్టుకి వచ్చేవాళ్లు వేరు. వాళ్ల ముందు ఒక ఫైల్ తెరిచి ఉంది, అందులో #N/A కనిపిస్తోంది, పని ఆగిపోయింది. చదివింది మళ్లీ పీడీఎఫ్‌లో చదవాలని వాళ్లకేం ఉండదు. 60 పేజీల గైడ్ అంతకన్నా దూరం. చెప్పులో రాయి దూరినవాడికి నడక మీద పుస్తకం ఇచ్చినట్టు.

ఏం ఇవ్వాలో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: పోస్టు చదవడం అయిపోయిన మరుక్షణం పాఠకుడు తన చేత్తో ఏం చేస్తాడు? మీ పోస్టులో కారణాలు రాసి ఉంటారు కదా. చివర్లో ఖాళీలు, నంబరు టెక్స్ట్‌గా ఉండటం, వెబ్ పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే, మామూలు ఖాళీలాగే కనిపించే నాన్-బ్రేకింగ్ స్పేస్. చదివినవాడు తన ఫైల్లోకి వెళ్లి, నాది ఇందులో ఏది అని ఒక్కో వరుసా వెతుక్కుంటాడు. ఆ వెతుకులాట మీరు చేసి పెట్టండి. ఎడమ కాలమ్‌లో తను వెతికే విలువలు, కుడి కాలమ్‌లో పట్టికలోని విలువలు పేస్ట్ చేస్తే ఏ వరుస ఎందుకు దొరకలేదో చెప్పే షీట్ ఒకటి ఇవ్వండి. సూత్రం సుమారుగా ఇలా ఉంటుంది:

```
=IF(ISNUMBER(MATCH(A2,D:D,0)),"సరే",
 IF(ISNUMBER(MATCH(A2&"",D:D,0)),"ఇక్కడ నంబరు, అక్కడ టెక్స్ట్",
 IF(ISNUMBER(MATCH(VALUE(A2),D:D,0)),"ఇక్కడ టెక్స్ట్, అక్కడ నంబరు",
 IF(ISNUMBER(MATCH(TRIM(SUBSTITUTE(A2,UNICHAR(160)," ")),D:D,0)),
 "అదనపు ఖాళీ","పట్టికలో లేదు"))))
```

వరుస మార్చకండి. ఖాళీల పరీక్ష ముందు పెడితే TRIM నంబర్ని టెక్స్ట్ చేసేస్తుంది, అప్పుడు రకం తేడా ఉన్నవాటికి కూడా "అదనపు ఖాళీ" అని తప్పు చెబుతుంది.

దారంకట్ట
ఖాళీ కుడివైపు పట్టికలో ఉంటే ఇది పట్టుకోదు కదా?

పట్టికలపంతులు
పట్టుకోదు. "పట్టికలో లేదు" అంటుంది. E కాలమ్‌లో పట్టిక విలువల్ని శుభ్రం చేసి, దాని మీద ఇంకో MATCH వెయ్యాలి. తప్పు కారణం చెప్పే షీట్ ఇవ్వడం కన్నా ఏమీ ఇవ్వకపోవడమే నయం, ఎందుకంటే మీ పేరుతో వాళ్లకి అందే మొదటి వస్తువు అదే.

నీలిపెన్ను
ఇలా ఆలోచించలేదు. మాక్రోతో చేస్తే ఒక్క బటన్ నొక్కితే అయిపోతుంది కదా, అందంగా ఉంటుంది.

దారంకట్ట
వద్దు. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైల్లో మాక్రోల్ని 2022 నుంచి విండోస్‌లోని ఆఫీస్ మామూలుగానే ఆపేస్తోంది. ఎర్ర పట్టీ చూసి సగం మంది మూసేస్తారు, మిగతా సగం మీకు వైరస్ అని మెయిల్ రాస్తారు. సూత్రాలతోనే చెయ్యండి, .xlsx గా ఇవ్వండి. అలా ఇచ్చినా మొదటిసారి Protected View లో తెరుచుకుంటుంది, Enable Editing నొక్కేదాకా పేస్ట్ పడదు. ఆ మాట ఫైల్ పంపే మెయిల్లో రెండో వాక్యంగా రాయండి, ఫైల్ లోపల కాదు. లోపల రాస్తే ఎవరూ చదవరు.

సగంకాఫీ
గూగుల్ షీట్స్‌లో పెట్టి లింక్ ఇస్తే ఈ గోల ఉండదు.

దారంకట్ట
ఉండదు, కానీ ఇంకో గోల ఉంటుంది. మామూలు లింక్ ఇస్తే పాతికమంది "ఎడిట్ అనుమతి ఇవ్వండి" అని అడుగుతారు. లింక్ చివర edit బదులు copy పెట్టాలి, అప్పుడు తెరవగానే కాపీ చేసుకుంటారా అని అడుగుతుంది:

```
https://docs.google.com/spreadsheets/d/FILE_ID/copy
```

షేరింగ్‌లో లింక్ ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు అని పెట్టాలి. కాపీకి గూగుల్ ఖాతా ఉండాలి. పైగా ఆఫీస్ డేటాని అక్కడ పేస్ట్ చెయ్యడానికి కొందరికి అనుమతి ఉండదు. రెండు లింకులూ ఇవ్వడమే మేలు.

గోడమీదపిల్లి
వస్తువు సంగతి తేలింది. దాన్ని ఎక్కడ పెడతారు? సైడ్‌బార్‌లో పెడితే ఫోన్‌లో అది పోస్టు కిందకి, వ్యాఖ్యల కన్నా కిందకి పోతుంది. ఆ 9 మందీ అంత కిందదాకా వెళ్లిన తపస్వులై ఉంటారు.

పట్టికలపంతులు
రెండు చోట్ల పెట్టండి. ఒకటి, కారణాల జాబితా అయిపోయిన వెంటనే. పాఠకుడికి "ఇన్నిట్లో నాది ఏది" అన్న ప్రశ్న పుట్టేది అక్కడే. రెండోది చివర్లో. మొదటి పేరాలో వద్దు. సెర్చ్ నుంచి వచ్చినవాడికి మీ మీద ఇంకా నమ్మకం కుదరలేదు, జవాబు దాచి మెయిల్ అడుగుతున్నారనుకుంటాడు. జవాబంతా పోస్టులోనే ఉండాలి, షీట్ ఆదా చేసేది చాకిరీ మాత్రమే.

ఫారం నేరుగా పెట్టకుండా ఒక వాక్యం, ఒక బటన్ పెట్టండి. నొక్కితేనే చిన్న పెట్టె తెరుచుకోవాలి. వాక్యంలో ఫలితం చెప్పండి: "మీ రెండు కాలమ్‌లు పేస్ట్ చేస్తే ఏ వరుస ఎందుకు తప్పిందో చూపించే షీట్". "మా న్యూస్‌లెటర్‌లో చేరండి" అనే మాట బటన్ మీద ఉండకూడదు, పెట్టె లోపల మాత్రం తప్పక ఉండాలి.

సగంకాఫీ
పాప్‌అప్ పెడితే గూగుల్ ర్యాంకు తగ్గిస్తుంది. 2017లోనే చెప్పారు.

పట్టికలపంతులు
2017 జనవరిలో వచ్చింది ఫోన్‌లో సెర్చ్ నుంచి రాగానే పేజీని కప్పేసేవాటి గురించి. పాఠకుడు తనంతట తాను బటన్ నొక్కితే తెరుచుకునేది ఆ లెక్కలోకి రాదు. పేజీ తెరిచిన మూడో సెకనుకి దూకే పెట్టె అయితే మీ మాట నిజమే.

నీలిపెన్ను
ఇంకో అనుమానం. నా పాఠకుల్లో సగానికి పైగా ఫోన్‌లోనే చదువుతారు. ఎక్సెల్ షీట్‌తో ఫోన్‌లో ఏం చేస్తారు?

దారంకట్ట
అదే మీకు కలిసొచ్చే విషయం. ఫైల్ కంప్యూటర్‌లో ఉంది, చదివేది ఫోన్‌లో. షీట్ మెయిల్‌కి పంపించుకోవడం వాళ్లకే సులువు. ఫోన్ తెరకి బటన్ మీద "నా మెయిల్‌కి పంపండి, కంప్యూటర్‌లో తెరుస్తాను" అని రాయండి. మెయిల్ ఎందుకు అడుగుతున్నారో సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

నీలిపెన్ను
పెట్టాను. మూడు వారాల లెక్క ఇది: పోస్టుకి వచ్చినవాళ్లు 4,300. బటన్ నొక్కినవాళ్లు 236. ఫారం పంపినవాళ్లు 88. మెయిల్లో కన్ఫర్మ్ చేసినవాళ్లు 61. తొమ్మిదితో పోలిస్తే పండగే, కానీ 236లో 61 అంటే ఏదో కారిపోతోంది.

లెక్కలబుట్ట
మెట్టు మెట్టుకీ లెక్కపెట్టారు, చాలామంది మొదటిదీ చివరిదీ మాత్రమే చూస్తారు. వచ్చినవాళ్లలో నూటికి ఐదున్నర మంది బటన్ నొక్కారంటే ఆఫర్ బాగానే ఉంది, దాని జోలికి పోకండి. చిల్లులు తర్వాతి రెండు మెట్లలో ఉన్నాయి. 236లో 148 మంది పెట్టె చూసి వెనక్కి పోయారు. పెట్టెలో ఏమేం అడుగుతున్నారు?

నీలిపెన్ను
పేరు, మెయిల్, ఫోన్ నంబరు. ఫోన్ తప్పనిసరి కాదు.

గోడమీదపిల్లి
ఒక సూత్రం షీట్ కోసం ఫోన్ నంబరా! పెళ్లిచూపులకి కూడా ముందు ఫొటోనే అడుగుతారు.

లెక్కలబుట్ట
తప్పనిసరి కాదని మీకు తెలుసు, చూసేవాడికి మాత్రం అది అమ్మకాల ఫోను. తీసేయండి. పేరు కూడా తీసేయండి. పేరుతో పలకరించడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు, సగం మంది "అఅఅ" అని కొడతారు. ఒక్క మెయిల్ పెట్టె చాలు. ఏ పోస్టు నుంచి వచ్చారో పాఠకుణ్ని అడగక్కర్లేదు, కనిపించని ఫీల్డ్‌లో పెట్టుకోండి:

```html
<input type="hidden" name="source_post" value="vlookup-na">
```

ఆ పేరుతో మీ మెయిల్ సర్వీసులో కూడా ఒక ఫీల్డ్ ముందే సృష్టించి ఉండాలి. లేకపోతే చాలా సర్వీసులు ఆ విలువని చప్పుడు చెయ్యకుండా పారేస్తాయి. మీ సొంత మెయిల్‌తో ఒకసారి చేరి చూసుకోండి.

పట్టికలపంతులు
రెండో చిల్లు 88కి 61. కన్ఫర్మ్ మెయిల్ సబ్జెక్టు ఏముంది?

నీలిపెన్ను
సర్వీసు ఇచ్చినదే ఉంచేశాను. "దయచేసి మీ సబ్‌స్క్రిప్షన్‌ను నిర్ధారించండి". కన్ఫర్మ్ చేశాక ఇంకో మెయిల్లో షీట్ వెళ్తుంది.

పట్టికలపంతులు
వాళ్లు అడిగింది షీట్, వచ్చింది సబ్‌స్క్రిప్షన్ కాగితం. గుర్తుపట్టరు. సబ్జెక్టు "మీ #N/A షీట్ ఇదిగో" అని మార్చండి. లోపల ఒకే బటన్, "షీట్ దించుకోండి, నా మెయిల్ నిర్ధారించండి". ఆ ఒక్క నొక్కుతోనే కన్ఫర్మ్ అయ్యి డౌన్‌లోడ్ పేజీకి వెళ్లాలి. రెండో మెయిల్ అక్కర్లేదు. ఫారం పంపగానే వచ్చే పేజీలో ఏ అడ్రసు నుంచి మెయిల్ వస్తుందో, సబ్జెక్టు ఏమిటో యథాతథంగా రాయండి. ఇన్‌బాక్స్‌లో లేకపోతే దాన్ని పట్టుకునే వెతుకుతారు. ఫైల్ని మాత్రం అటాచ్ చెయ్యకండి, లింకే ఇవ్వండి. రేపు సూత్రంలో తప్పు దొరికితే అదే లింక్ వెనక ఫైల్ మార్చేస్తే సరి.

సగంకాఫీ
ఇంత తంటా ఎందుకు, కన్ఫర్మేషన్ ఎత్తేస్తే 88కి 88 వస్తాయి కదా.

లెక్కలబుట్ట
లిస్టులో 88 ఉంటాయి. అందులో ఎన్ని బతికున్న అడ్రసులో తెలీదు. తప్పు స్పెల్లింగులు తిరిగొచ్చేస్తాయి, ఎవరో ఇంకొకరి అడ్రసు ఇస్తే ఆ ఇంకొకరు స్పామ్ అని నొక్కుతారు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదంటోంది. చిన్న లిస్టులో అది ఎంత దగ్గరో చూడండి: 300 మందికి పంపితే ఒక్కడు నొక్కినా అంతే. పెద్ద నిబంధనలు రోజుకి 5,000 మెయిళ్లు పంపేవాళ్లకే గానీ, మెయిల్ పంపింది మీరేనని రుజువు చేసే SPF, DKIM లాంటివి మీరూ పెట్టుకోవాల్సిందే.

దారంకట్ట
కన్ఫర్మేషన్ ఉన్నా ఒక మాయ ఉంది. కొన్ని ఆఫీసుల మెయిల్ సర్వర్లు లోపలి లింకుల్ని ముందే తెరిచి తనిఖీ చేస్తాయి. మనిషి మెయిల్ చూడకముందే కన్ఫర్మ్ అయిపోతుంది. ఎక్సెల్ పాఠకుల్లో ఆఫీస్ అడ్రసులు ఎక్కువ కాబట్టి ఇది మీకు తగులుతుంది. ఫారం పంపిన రెండు మూడు సెకన్లలో కన్ఫర్మ్ అయినవి, మెయిల్లో ఉన్న అన్ని లింకులూ ఒకేసారి నొక్కినవి కనిపిస్తే అవి మనుషులు కావు. లింక్ నొక్కాక వచ్చే పేజీలో ఇంకో బటన్ పెడితే చాలావరకు ఆగుతుంది, కానీ పంతులు గారు చెప్పిన ఒక్క నొక్కు పోతుంది. ఏది కావాలో మీరే తేల్చుకోండి.

పట్టికలపంతులు
నేనైతే ఒక్క నొక్కే ఉంచుతాను. అనుమానం ఉన్నవాటిని నెల తర్వాత ఏరేస్తాను.

దారంకట్ట
నేను ఉంచను. సరే, అది రుచి భేదం.

తెరచాప
ఈసారి సరిగ్గానే అర్థమైందనుకుంటా. షీట్ కోసం మెయిల్ ఇచ్చినవాడికి న్యూస్‌లెటర్ పంపొచ్చా అసలు? వాడు అడిగింది షీటే కదా.

లెక్కలబుట్ట
మంచి ప్రశ్న. యూరప్ పాఠకులుంటే 2018 మే నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార చట్టం ఉంది. సమ్మతి స్వేచ్ఛగా, విడిగా ఇచ్చి ఉండాలి. న్యూస్‌లెటర్ ఒప్పుకుంటేనే షీట్ అంటే అది స్వేచ్ఛ కాదని వాదించేవాళ్లున్నారు. జాగ్రత్త పడాలంటే టిక్ లేని పెట్టె ఒకటి పెట్టి, టిక్ చెయ్యకపోయినా షీట్ ఇవ్వాలి.

గోడమీదపిల్లి
అలా పెడితే ఎవడూ టిక్ చెయ్యడు. ఆఫరే న్యూస్‌లెటర్‌ది చెయ్యండి: "వారానికో ఎక్సెల్ మెయిల్, మొదటిదానితో ఈ షీట్". అడిగింది అదే, ఇచ్చింది అదే.

లెక్కలబుట్ట
మాట మార్చితే చట్టం మారుతుందా అన్నది లాయర్లు ఇంకా కొట్టుకుంటున్న సంగతి. ఏదైనా, వారానికో మెయిల్ వస్తుందని పెట్టె లోపల స్పష్టంగా ఉండాలి. అది దాస్తే చట్టం దాకా వెళ్లక్కర్లేదు, స్పామ్ బటనే శిక్ష వేస్తుంది.

నీలిపెన్ను
పేరు, ఫోన్ తీసేశాను. సబ్జెక్టు మార్చాను. కన్ఫర్మ్, డౌన్‌లోడ్ ఒకే నొక్కు చేశాను. రెండు వారాల లెక్క: వచ్చినవాళ్లు 2,900, బటన్ 161, ఫారం 112, కన్ఫర్మ్ 97.

లెక్కలబుట్ట
బటన్ నొక్కేవాళ్లు మళ్లీ నూటికి ఐదున్నరే, అంటే పాఠకులు మారలేదు. పెట్టె చూసి పంపినవాళ్లు 37 శాతం నుంచి 70కి వచ్చారు. పంపినవాళ్లలో కన్ఫర్మ్ చేసినవాళ్లు 69 నుంచి 87కి. చిల్లులు రెండూ పూడాయి. అయితే ఆ 97లో దారంకట్ట గారు చెప్పిన యంత్రాలు ఎన్నో విడిగా చూసుకోండి.

గోడమీదపిల్లి
ఇప్పుడు బటన్ రంగు మార్చండి. నారింజ రంగుకి ఒక వారంలో 18 నుంచి 27 సైన్అప్‌లు వచ్చిన బ్లాగ్ నాకు తెలుసు. ఒకటిన్నర రెట్లు!

లెక్కలబుట్ట
రెండు వారాల్లో జనం సుమారు సమానంగా వచ్చారనుకుంటే మోటు లెక్క ఒకటుంది. రెండూ కలపండి, 45. దాని వర్గమూలం 6.7, రెట్టింపు 13 పైచిలుకు. తేడా అంతకు మించితేనే పట్టించుకోవాలి. ఇక్కడ తేడా 9. రంగు మార్చకపోయినా అలా ఊగుతుంది.

గోడమీదపిల్లి
నారింజ రంగు మీద కక్షతోనే అంటున్నారు.

నీలిపెన్ను
ఒక ఇబ్బంది. షీట్ దించుకునే ఫైల్ అడ్రసు గూగుల్‌లో నేరుగా కనిపిస్తోంది. ఫారం లేకుండానే దించుకుంటున్నారు. robots.txt లో ఆపాను, అయినా పోలేదు.

దారంకట్ట
robots.txt లో ఆపితే గూగుల్ ఆ ఫైల్ని చదవదు, కానీ ఎవరైనా లింక్ ఇస్తే అడ్రసుని చూపిస్తూనే ఉండొచ్చు. పైగా చదవనిస్తేనే కదా సెర్చ్‌లో చూపించొద్దని చెప్పే noindex అన్న మాట దానికి కనిపించేది. అక్కడ అడ్డు తీసేసి సర్వర్లో ఇది పెట్టండి, అపాచీ అయితే, mod_headers ఉండాలి:

```apache
<FilesMatch "\.(xlsx|pdf)$">
  Header set X-Robots-Tag "noindex"
</FilesMatch>
```

గూగుల్ మళ్లీ వచ్చి చూసేదాకా పోదు. డౌన్‌లోడ్ పేజీకి కూడా noindex పెట్టండి, సైట్‌మ్యాప్‌లోంచి తీసేయండి. చాలాసార్లు లీకయ్యేది అక్కడినుంచే. ఎవరో లింక్ ఇచ్చుకుంటే ఇచ్చుకోనివ్వండి, షీట్ అడుగున పోస్టు అడ్రసు రాసి ఉంటే చాలు.

నీలిపెన్ను
అలాగే. నిన్న లిస్టుకి మొదటి న్యూస్‌లెటర్ పంపాను, చార్టుల రంగుల మీద. షీట్ ద్వారా వచ్చినవాళ్లలో 14 మంది వెళ్లిపోయారు. ఓపెన్ రేటు మాత్రం బాగుంది.

పట్టికలపంతులు
ఓపెన్ రేటు నమ్మకండి. 2021 సెప్టెంబరు నుంచి ఆపిల్ మెయిల్లో ప్రైవసీ రక్షణ పెట్టుకున్నవాళ్లకి బొమ్మలు ముందే దిగిపోతాయి, చదవకపోయినా తెరిచినట్టే లెక్క. నొక్కులూ జవాబులూ చూడండి.

14 మంది పోవడానికి కారణం చార్టులు. వాళ్లు డేటా కలవక తిప్పలు పడి వచ్చినవాళ్లు. source_post లో vlookup-na ఉన్నవాళ్లకి మామూలు న్యూస్‌లెటర్ కన్నా ముందు ఇంకో రెండు మెయిళ్లు వెళ్లాలి. రెండో రోజు ఒక్క ప్రశ్న: "షీట్ ఏ కారణం చూపించింది? జవాబుగా ఒక్క పదం రాయండి." ఐదో రోజు, ఎక్కువమంది చెప్పిన కారణం అసలు రాకుండా డేటా దించుకునేటప్పుడే ఆపడం ఎలాగో. ఆ తర్వాతే వారపు లిస్టులోకి.

నీలిపెన్ను
అంటే ఇంకో ఎనిమిది పోస్టులకి షీట్లు పెడితే ఎనిమిది వరుసల మెయిళ్లు రాయాలా?

పట్టికలపంతులు
అక్కర్లేదు. పోస్టు ఏదైనా, వచ్చిన కష్టం ఒకటే అయితే ఒకే వరుస. #N/A, డూప్లికేట్లు, రెండు ఫైళ్లు కలపడం, మూడూ "డేటా కలవట్లేదు" అనే ఒకే బాధ.

దారంకట్ట
డూప్లికేట్లు ఆ బాధ కాదు. అక్కడ కలిసినవే ఎక్కువై చస్తారు.

సగంకాఫీ
ఇంతకీ షార్ట్‌కట్‌ల పోస్టుకి పీడీఎఫ్ పెట్టొచ్చన్నారు కదా? అదైనా నా మాట వినండి, పది నిమిషాల పని.

నీలిపెన్ను
దానికి అదే పెడుతున్నా. ఎన్ని నొక్కులొస్తాయో ఇక్కడే రాస్తాను.